తెనాలి ఆవకాయ, సూపర్‌మార్కెట్ అర: ఒక ప్యాకేజింగ్ కేస్ స్టడీ

తెనాలి దగ్గర ఒక కుటుంబం ఇరవై ఏళ్లకు పైగా పచ్చళ్లు పెట్టి అమ్ముతోంది. ఇంటావిడ, ఆమె భర్త, సీజన్‌లో పనికి వచ్చే ఆరుగురు ఆడవాళ్లు కలిసి చేసే వ్యాపారం అది. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి, చింతకాయ అన్నీ చేస్తారు కానీ అమ్మకంలో సగానికి పైగా ఆవకాయదే. 2022 ఫిబ్రవరిలో విజయవాడలో కొన్ని దుకాణాలున్న ఒక స్థానిక సూపర్‌మార్కెట్ వాళ్లు వీరి పచ్చడి రుచి చూసి, తమ దుకాణాల్లో పెడతామన్నారు. ఆ మాట పట్టుకుని వారు నా దగ్గరకు వచ్చారు. నేను విజయవాడలో ఆహార పదార్థాల ప్యాకేజింగ్ డిజైన్ చేస్తుంటాను. ఈ పని మొదటి విడతలో నేను చేసిన తప్పులనూ రెండో విడతలో వాటిని దిద్దుకున్న తీరునూ ఇక్కడ రాస్తున్నాను. కుటుంబం కోరిక మేరకు వారి పేరు, బ్రాండ్ పేరు రాయడం లేదు.

ఇంటి దగ్గర అమ్మకం ఎలా సాగేది

మొదటి రోజు నేను డిజైన్ గురించి ఏమీ మాట్లాడకుండా వారి వరండాలో కూర్చుని, వచ్చేపోయే కొనుగోలుదారులను చూశాను. జాడీ వాసెన విప్పగానే వాసన వస్తుంది. ఆవిడ గరిటెతో ఒక ముక్క పైకి తీసి చూపిస్తారు. కొనేవారు ఆ ముక్కనే చూస్తారు. టెంక ఉందా, ముక్క మెత్తబడిందా, గట్టిగా నిలిచిందా అన్నదే వారి పరీక్ష. ఆ తర్వాత మాత్రమే ధర అడుగుతారు. పచ్చడిని మందపాటి పాలిథిన్ కవర్లో పోసి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేసి, ఇంకో కవర్లో పెట్టి ఇచ్చేవారు. దూరం వెళ్లేవారికి మూడో కవర్ కూడా వేసేవారు. లేబుల్ లేదు, తేదీ లేదు. ఎవరైనా అడిగితే "మొన్న వైశాఖంలో పెట్టిందమ్మా" అని ఆవిడ నోటితో చెప్పేవారు, ఆ మాటే తేదీ.

నమ్మకమంతా ఆవిడ చేతిలో, మాటలో, గరిటె మీదున్న ముక్కలో ఉంది. సూపర్‌మార్కెట్ అర దగ్గర ఆవిడ ఉండరు, మూత తీసి వాసన చూపించే వీలు లేదు. కాబట్టి ప్యాకింగ్ చేయాల్సిన పని అందం తేవడం కాదు, గరిటెతో ముక్క తీసి చూపించే ఆ పనిని డబ్బా చేయాలి. ఈ సంగతి నేను ఆ రోజే నోటు పుస్తకంలో రాసుకున్నాను. అయినా మొదటి విడతలో దాన్ని పక్కన పెట్టాను.

మొదటి విడత: 240 డబ్బాలు

2022 జూన్‌లో పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన 300 గ్రాముల డబ్బాల్లో 240 ఆవకాయలు పంపాం. ఎర్రటి లేబుల్, దాని మీద పచ్చి మామిడికాయల ఫోటో, పక్కన జాడీ బొమ్మ, పైన బంగారు రంగు అక్షరాలు. చూసినవారందరూ బాగుందన్నారు. కంప్యూటర్ తెర మీద నిజంగానే బాగుంది. అర మీద పెట్టాక, అటూ ఇటూ ఉన్న డబ్బాలన్నీ ఎర్రగానే ఉన్నాయి, అన్నిటి మీదా మామిడికాయలే ఉన్నాయి. రెండడుగుల దూరంలో నిలబడిన నాకే మా డబ్బా ఏదో వెంటనే కనిపించలేదు.

అది చిన్న సమస్య. అసలు సమస్య మూడు వారాల్లో బయటపడింది. 31 డబ్బాలు వెనక్కి వచ్చాయి. మూత చుట్టూ నూనె ఊరి, లేబుల్ కాగితంలోకి ఇంకి, అక్షరాల వెనక పారదర్శకమైన మరకలు పడ్డాయి. వెనక్కి రానివాటిలో కూడా చాలా డబ్బాలు చేతికి జిడ్డుగా తగులుతున్నాయని దుకాణం మేనేజరు ఫోన్ చేశారు. అర మీద కాగితం పరిచి దాని మీద డబ్బాలు పెట్టారట, ఆ కాగితం మీద వరుసగా నూనె వలయాలు. పచ్చడి డబ్బా జిడ్డుగా ఉంటే కొనేవారు లోపలి పచ్చడిని కూడా శుభ్రంగా చేయలేదనే అనుకుంటారు. అది ఎంత మంచి రుచి అయినా సరే, ఆ డబ్బా బుట్టలోకి వెళ్లదు.

ఇంకొక తప్పు పూర్తిగా నాది. లేబుల్ మొత్తం ఒకే రంగులో ఉండాలన్న పట్టుదలతో బార్‌కోడ్ గీతలను కూడా ముదురు ఎరుపులో వేయించాను. బిల్లింగ్ దగ్గర వాడే చాలా స్కానర్లు ఎర్రటి వెలుగుతో చదువుతాయి. ఆ వెలుగులో ఎర్ర గీత తెల్లగా కనిపిస్తుంది, కాబట్టి స్కానర్‌కు గీతలే లేనట్టు. క్యాషియర్లు 890తో మొదలయ్యే 13 అంకెలను ప్రతిసారీ చేత్తో కొట్టారు. వరుసలో నిలబడ్డవారి ముందు ఇది జరిగితే ఆ సరుకు మీద సిబ్బందికి విసుగు పుడుతుంది, తర్వాత దాన్ని అరలో వెనక్కి నెడతారు.

నూనె ఎక్కడి నుంచి కారింది

వెనక్కి వచ్చిన 31 డబ్బాలనూ నేను, ఆ కుటుంబం కలిసి ఒకటొకటిగా విప్పాం. రెండో విడత మొత్తం ఈ పరిశీలన మీదే నిలబడింది కాబట్టి దీన్ని కొంత వివరంగా రాస్తాను.

పెట్ డబ్బా మూత లోపల ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది, దాన్ని ఈ రంగంలో వాడ్ అంటారు. అందులో పలుచటి అల్యూమినియం రేకు, దాని అడుగున వేడికి కరిగి డబ్బా అంచుకు అతుక్కునే ప్లాస్టిక్ పొర ఉంటాయి. మూత బిగించాక ఇండక్షన్ యంత్రం కిందికి పంపితే రేకు వేడెక్కి ఆ పొర అంచుకు అతుక్కుంటుంది. అతుకు సరిగా పడిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. సీలును ఒక మూల నుంచి మెల్లగా లాగి చూడాలి. సరిగా అతికి ఉంటే డబ్బా అంచు చుట్టూ సన్నటి తెల్ల పొర తెగకుండా మిగులుతుంది. మా డబ్బాల్లో కొన్నిటికి ఆ వలయం మూడు వంతులే ఉంది, కొన్నిటికి అసలు లేదు, సీలు కాగితంలా ఊడివచ్చింది.

అసలు లేనివాటికి కారణం వాడ్ రకం. అడుగు పొర డబ్బా ప్లాస్టిక్‌కు తగినది కావాలి. హెచ్‌డీపీఈ అనే మరో రకం ప్లాస్టిక్ డబ్బాల కోసం చేసిన పాలిథిన్ పొర పెట్ అంచుకు గట్టిగా అతకదు. మూతలు అమ్మినవారిని నేను కొలత అడిగాను గానీ, ఏ డబ్బాకు అని అడగలేదు. వారు రెండు రకాలు కలిసిన సరుకు ఇచ్చారు.

వలయం మూడు వంతులే పడినవాటికి కారణం గరిటె. గరిటెతో పచ్చడి నింపేటప్పుడు నూనె చుక్క అంచు మీద పడుతుంది. నూనె ఉన్నచోట పొర అతకదు. పని చేసేవారు చేతి గుడ్డతో తుడిచారు. ఆ గుడ్డ కాసేపటికే నూనెతో నిండిపోయి, తుడవడానికి బదులు నూనెను అంచంతా సమంగా పులమడం మొదలుపెట్టింది.

మూడో కారణాన్ని ఇంటావిడే పట్టుకున్నారు. సీలు సరిగా ఉన్న కొన్ని డబ్బాల్లో కూడా రేకు పైకి ఉబ్బి ఉంది. "ఇది ఇంకా ఊరలేదు బాబూ, తొందరపడి పోశాం" అన్నారు. సూపర్‌మార్కెట్ వాళ్లు సీజన్ దాటకముందే కావాలంటే, పెట్టిన ఐదో రోజునే డబ్బాల్లో నింపాం. మూడో రోజు తిరగకలిపాక కూడా కొత్త ఆవకాయలో ముక్క నుంచి ఊట వస్తూనే ఉంటుంది, కొంత పులిసి వాయువు పుడుతుంది. ముక్క కుంచించుకుపోతుంది, నూనె పైకి తేలుతుంది. జాడీకి వాసెన గుడ్డ కట్టడంలో ఉన్న మర్మం ఇదే, గాలి పోతుంది గానీ దుమ్ము పడదు. సీలు వేసిన డబ్బాలో ఆ వాయువు పోవడానికి దారి లేక, బలహీనమైన చోట నూనెను బయటకు తోస్తుంది. దానికి తోడు డబ్బాలు వ్యానులో పక్కకు పడి ఉంటే ఇక చెప్పేదేముంది.

ఈ మూడింటికీ పరిష్కారాలు ఖరీదైనవి కావు. పెట్‌కు తగిన వాడ్ అని రాతపూర్వకంగా తీసుకున్నాం. డబ్బా మెడ లోపలికి రెండు అంగుళాలు దిగేలా వెడల్పు గొట్టమున్న స్టీలు గరాటు తెనాలిలోనే చేయించాం, దానితో అంచు మీద చుక్క పడటం దాదాపు ఆగిపోయింది. అంచు తుడవడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టి, పొడి నూలు గుడ్డలు ముక్కలుగా కత్తిరించి, పది డబ్బాలకు ఒకటి చొప్పున పారేయమన్నాం. ఆవకాయను కనీసం నాలుగు వారాలు జాడీలోనే ఊరనిచ్చాకే నింపాలని నిర్ణయించాం. సీలు వేసిన ప్రతి విడత నుంచి ఐదు డబ్బాలను తెల్ల కాగితం మీద తలకిందులుగా ఒక రాత్రీ పగలూ ఉంచుతారు. కాగితం మీద ఒక్క చుక్క కనిపించినా ఆ విడత మొత్తం ఆగుతుంది. ఇప్పటికీ ఇదే వారి తుది పరీక్ష.

గాజు ఎందుకు వద్దన్నాను

రెండో విడతకు కుటుంబం గాజు సీసాలు కావాలని గట్టిగా అడిగింది. గాజు పట్టుకుంటే బరువుగా, విలువైనదిగా అనిపిస్తుంది, ఇంట్లో పచ్చడి గాజు సీసాలోనే పెట్టుకుంటాం కదా అన్నది వారి మాట. వారి భావన తప్పు కాదు. కానీ జామ్, సాస్ సీసాల మూతలు గట్టిగా పట్టి ఉండటానికి కారణం వేడిగా నింపడం. వేడి పదార్థం చల్లబడినప్పుడు లోపల శూన్యం ఏర్పడి మూతను కిందికి లాగుతుంది. మూత మధ్యలో ఉండే బుడిపె నొక్కుకుని ఉండటం దానికి గుర్తు. ఆవకాయను వేడి చేయం, చేస్తే అది ఆవకాయ కాదు. చల్లగా నింపిన సీసాలో శూన్యం రాదు, మూత కేవలం చేతి బిగువు మీద ఆధారపడుతుంది. పెట్ అంచుకు ఇండక్షన్ సీలు సులువుగా పడుతుంది, మామూలు గాజు అంచుకు అలా పడదు. నూనె పచ్చడికి, ఆరుగురు చేత్తో నింపే చోట, వ్యానులో వెళ్లే సరుకుకు పెట్ డబ్బాయే సరైనదని నేను పట్టుబట్టాను. వేయించి చేసే గోంగూర వంటివాటికి వేరే లెక్క ఉంటుంది, అయితే వాటిని కూడా పూర్తిగా చల్లార్చకుండా పెట్‌లో పోయకూడదు, 70 డిగ్రీల దగ్గరికి వస్తే డబ్బా మెత్తబడి ఆకారం కోల్పోతుంది.

గాజు వల్ల వచ్చే బరువు, నిండుతనం మరో దారిలో తేవాలి. పలుచటి డబ్బాకు బదులు మందపాటి గోడ ఉన్నది, భుజం వాలుగా కాకుండా నిటారుగా ఉన్నది, మూతి వెడల్పుగా ఉన్నది ఎంచుకున్నాం. మూతి వెడల్పు ముఖ్యం. సన్న మూతి డబ్బా తీసుకుంటే టెంక ముక్కను చిన్నగా కొట్టాల్సి వస్తుంది. మొదటి విడతలో అలాగే కొట్టారు, పాత కొనుగోలుదారు ఒకాయన ఇంటికొచ్చి, "ఇది మీ ఆవకాయేనా అమ్మా?" అని అడిగారట. ముక్క కోసం డబ్బా మారాలి గానీ డబ్బా కోసం ముక్క మారకూడదు.

బరువును 300 నుంచి 400 గ్రాములకు పెంచడానికి కూడా ఆ ముక్క పరిమాణమే కారణం. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. పచ్చళ్లకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం గట్టి డబ్బాలో పదార్థం ఆ డబ్బా నీటి సామర్థ్యంలో 90 శాతానికి తగ్గకూడదు. నూనె పచ్చడి అయితే పైన అర సెంటీమీటరుకు తగ్గకుండా నూనె పొర ఉండాలి, లేదా పచ్చడిలో నూనె 10 శాతానికి తగ్గకూడదు. మేము చూసిన డబ్బాలో మూతి వరకు నీళ్లు పోసి తూచితే 408 మిల్లీలీటర్లు వచ్చింది, అందులో 90 శాతం 367. మా ఆవకాయ 400 గ్రాములు ఆ డబ్బాలో సుమారు 372 మిల్లీలీటర్ల చోటు తీసుకుంది. సరిపోయింది, కానీ అంచుకు దగ్గరగా. అందుకే తూకం వేసేటప్పుడు తక్కువ పడకుండా 402, 403 గ్రాముల దగ్గర ఆపమన్నాను. డబ్బాలో ఖాళీ కనిపిస్తే చట్టం సంగతి తర్వాత, కొనేవారికి ముందు మోసంలా కనిపిస్తుంది.

డబ్బా ఏం చెప్పాలి

ఇక్కడ మళ్లీ వరండాలో రాసుకున్న నోటు దగ్గరికి వచ్చాను. కొనేవారు ముక్కను చూసి కొంటున్నారు. అయితే డబ్బా ముక్కను చూపించాలి. మొదటి డిజైన్‌లో ఫోటోలో మామిడికాయ ఉంది, లోపలి ముక్క మాత్రం లేబుల్ వెనక దాగి ఉంది.

పారదర్శకమైన డబ్బా పెట్టి లేబుల్ చిన్నది చేస్తే చాలదా అని అనిపించవచ్చు. అక్కడ వెలుగు అడ్డు వస్తుంది. మిరపకాయ ఎరుపు వెలుగుకు వెలిసిపోతుంది, నూనె కూడా వెలుగుకు త్వరగా చిక్కువాసన పడుతుంది. ఒకే రోజు నింపిన రెండు డబ్బాల్లో ఒకటి అల్మారాలో, ఒకటి ఎండ పడే కిటికీలో మూడు వారాలు పెట్టి చూశాం. కిటికీ వైపు తిరిగి ఉన్న పచ్చడి ఇటుక రంగు పోయి గోధుమ రంగుకు తిరిగింది. సూపర్‌మార్కెట్ దీపాలు ఎండంత తీవ్రంగా ఉండవు, కానీ రోజుకు పన్నెండు గంటలు వెలుగుతాయి, సరుకు నెలల తరబడి ఉంటుంది.

అందుకని లేబుల్‌ను డబ్బా చుట్టూ దాదాపు పూర్తిగా తిప్పి, దాని రెండు అంచుల మధ్య నిలువుగా 22 మిల్లీమీటర్ల సందు వదిలాం. డబ్బా చుట్టుకొలత 251 మిల్లీమీటర్లు, లేబుల్ పొడవు 229. ఆ సందే కిటికీ, దాని కోసం వేరే కోత అవసరం లేదు. ఆ సందు పక్కనే లేబుల్ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో "టెంక ముక్క ఆవకాయ" అని ఉంటుంది. మాట పక్కనే వస్తువు కనిపిస్తుంది.

కానీ మొదటి నమూనాలో కిటికీలోంచి ముక్క కనిపించలేదు, గోడకు పట్టిన పిండి తప్ప. ఆవకాయ స్వభావం అది. దీనికి జవాబు డిజైన్‌లో దొరకలేదు, పనిచేసే ఆడవాళ్లలో పెద్దావిడ చెప్పారు. డబ్బాలు నింపి ఒక రోజు నిలకడగా ఉంచితే పిండి కొంత కిందికి దిగి, నూనె తేరుకుని, ఏదో ఒక వైపు ముక్క గోడకు ఆనుకుని స్పష్టంగా కనిపిస్తుంది. ఆ వైపు చూసుకుని, అక్కడ సందు వచ్చేలా లేబుల్ అంటించాలి. అలా ప్రతి డబ్బాను తిప్పి చూసి అంటిస్తున్నారు. గంటకు ఒక మనిషి నలభై డబ్బాలకు మించి చేయలేరు. యంత్రంతో లేబుల్ అంటించే రోజు వస్తే ఈ పద్ధతి కుదరదు, ఆ విషయం వారికి ముందే చెప్పాను.

లేబుల్ కాగితాన్ని మానేసి నూనె ఇంకని బీవోపీపీ అనే ప్లాస్టిక్ ఫిల్ముకు మారాం. డబ్బా పొడిగా ఉంటే తప్ప ఏ జిగురూ పట్టదు, అందుకే ఒక రోజు ఆగడం ఇక్కడ కూడా పనికొచ్చింది.

రంగు విషయంలో ఎరుపును పూర్తిగా వదిలేశాను. ఎరుపు పచ్చడిలోనే ఉంది, లేబుల్ కూడా ఎర్రగా ఉంటే కిటికీ కలిసిపోతుంది. మన ఇళ్లలోని పింగాణీ జాడీకి పైభాగం ముదురు గోధుమ, కింది భాగం మీగడ రంగు. మూతకు, లేబుల్ పై అంచుకు ఆ గోధుమ రంగు, మిగతా లేబుల్‌కు ఆ మీగడ రంగు వాడాం. జాడీ బొమ్మ ఎక్కడా లేదు. డబ్బాయే దూరం నుంచి జాడీలా కనిపిస్తుంది, ఎర్రటి అరలో పది డబ్బాలు పక్కపక్కన పెడితే ఒక తెల్లని పట్టీలా నిలుస్తాయి. రంగు ఎంచుకునేటప్పుడు లేబుల్‌ను తెర మీద చూడటం మానేసి, దుకాణం అనుమతితో ప్రింటు తీసిన నమూనాలను అర మీద పెట్టి, నడవాలో నడుస్తూ చూశాను. కింది అరలో ఉన్నప్పుడు మూత మాత్రమే కనిపిస్తుందని అప్పుడే తెలిసి, మూత మీద కూడా పచ్చడి పేరు వేయించాం.

బ్రాండ్ పేరు మీద చాలా రోజులు పట్టింది. వారి మనసులో అమ్మ, అమ్మమ్మ, నానమ్మ చేతి అంటూ మొదలయ్యే పేర్లు ఉన్నాయి. పచ్చళ్లు వచ్చే 29వ తరగతిలో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతికితే అలాంటి పేర్లు కిక్కిరిసి ఉన్నాయి. పైగా సంప్రదాయం, అసలైన, స్వచ్ఛమైన వంటి మాటలు లేబుల్ మీద వాడాలంటే 2018 నాటి ప్రకటనలు, క్లెయిముల నిబంధనల్లోని షరతులకు లోబడాలి. చివరికి వారి ఇంటిపేరుతో వెళ్లాం. ఊళ్లో జనం ఇప్పటికే ఆ ఇంటిపేరుతోనే ఆ పచ్చడిని పిలుస్తున్నారు.

వెనక వైపు

తెలుగు అక్షరాలు ముందు పెద్దగా ఉన్నా, చట్టం కోరే వివరాలు ఇంగ్లీషులో లేదా దేవనాగరి హిందీలో ఉండి తీరాలి, తెలుగు అదనంగా ఉండవచ్చు. చాలామంది చిన్న తయారీదారులు ఇక్కడ పొరపడతారు. పదార్థాలు బరువులో ఎక్కువ నుంచి తక్కువకు, పోషక విలువల పట్టిక, శాకాహార గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు, బ్యాచ్, తేదీలు, అన్ని పన్నులతో కలిపిన ధర, యూనిట్ ధర, ఫిర్యాదుల ఫోన్ నంబరు, ఇవన్నీ ముందుగా స్థలం కేటాయించుకుని, మిగిలిన చోటే డిజైన్‌కు అని అనుకున్నాను. మొదటిసారి తలకిందులుగా చేసి, చివరికి ఆరు పాయింట్ల అక్షరాలు ఇరికించాల్సి వచ్చింది. బార్‌కోడ్ ఈసారి తెల్లటి పెట్టెలో నల్ల గీతలు. గుండ్రటి డబ్బా మీద గీతల వరుస వంపు వెంట పక్కకు తిరిగిపోకుండా, గీతలు నిచ్చెన మెట్లలా ఒకదానిపై ఒకటి వచ్చేలా తిప్పి పెట్టాం. బ్యాచ్, తేదీల కోసం లేబుల్ మీద ఖాళీ చోటు వదిలాం. ఆ చోట మీద వార్నిష్ వేయవద్దని ప్రింటరుకు చెప్పడం మరచిపోతే ముద్ర సిరా వేలితో తుడిస్తే పోతుంది. ఇది కూడా అనుభవం మీద తెలిసిందే.

లెక్కలు, మిగిలిన చిక్కులు

2023 ఆగస్టులో రెండో విడతగా 480 డబ్బాలు వెళ్లాయి. మూడు నెలల్లో 9 వెనక్కి వచ్చాయి. వాటిలో ఆరు వ్యానులో మూత పగిలినవి, మూడు నూనె కారినవి. ఆ మూడూ ఒకే రోజు నింపినవి, ఆ రోజు అంచు తుడిచే మనిషి రాలేదు. దుకాణం మళ్లీ సరుకు అడిగింది, గోంగూర కూడా పంపమంది.

డబ్బా, మూత, వాడ్, లేబుల్, పెట్టె కలిపి ఒక్కో ఆవకాయకు 24 రూపాయలు అవుతోంది. ఇంటి దగ్గర కవర్లకు రెండు, మూడు రూపాయలయ్యేది. 240 రూపాయల ధరలో దుకాణం వాటా, పన్ను, రవాణా పోను కుటుంబానికి చేరేది 150 లోపే. అదే 400 గ్రాములు ఇంటి దగ్గర 180కి పోతుంది. ఆవిడ ఈ లెక్క చూసి, "ఇంత శ్రమపడితే తక్కువ వస్తోందేం బాబూ?" అని అడిగారు. ఒక్క డబ్బా మీద తక్కువే. కానీ ఇంటి అమ్మకం వేసవి రెండు నెలల్లోనే జరిగిపోతుంది, తర్వాత పది నెలలు పనివాళ్లకు పని ఉండదు. దుకాణం సరుకు ఏడాది పొడుగునా నెలకు ఇంత అని వెళ్తుంది. ఇది లాభం పెంచే మార్గమని నేను వారికి ఎప్పుడూ చెప్పలేదు, ఏడాదంతా పని దొరికే మార్గమని చెప్పాను.

తెగని చిక్కు ఒకటి ఉంది. ఆవకాయ ఏడాదికి ఒక్కసారే, మే నెలలోనే పెడతారు. సూపర్‌మార్కెట్ మాత్రం గడువులో మూడింట రెండు వంతులు మిగిలి ఉన్న సరుకునే తీసుకుంటుంది. మేలో పెట్టి వెంటనే అన్నీ నింపేస్తే డిసెంబరుకల్లా ఆ సరుకు దుకాణానికి పనికిరాదు. అందుకే జాడీల్లోనే నూనె కింద ఉంచి ప్రతి నెలా కొన్ని డబ్బాలు నింపుతున్నారు. లేబుల్ మీద పచ్చడి పెట్టిన నెల, డబ్బాలో నింపిన తేదీ రెండూ వేస్తున్నాం. నింపిన తేదీ ఒక్కటే వేస్తే చాలు కదా, గడువు ఎక్కువ కనిపిస్తుంది కదా అని దుకాణంవారు సూచించారు. ఆవిడ ఒప్పుకోలేదు. ముందు ఏ వైశాఖంలో పెట్టారో నోటితో చెప్పేవారు, ఇప్పుడు అదే డబ్బా మీద రాయాలన్నారు. గడువు ఎంత ఉండాలన్నది జాడీలో ఆరు నెలలు ఉండి తర్వాత నింపిన డబ్బాల మీద ప్రయోగశాల పరీక్ష ఫలితాలు వచ్చాక తేల్చుకుందామని ప్రస్తుతానికి ఆగాం. అప్పటిదాకా తక్కువ గడువే వేస్తున్నారు, దాని వల్ల మార్చి, ఏప్రిల్ నెలల్లో దుకాణం అర ఖాళీగా ఉంటోంది.